శుభలేఖ బొమ్మలో జంట మొహాలు కలిసిపోవాలంటే: ఇంక్‌స్కేప్ పవర్ స్ట్రోక్‌తో నా అనుభవం

ఇంక్‌స్కేప్ గురించి చెప్పాల్సిన మామూలు విషయాలు అందరికీ తెలిసినవే. ఉచితం, వెక్టర్ బొమ్మలు గీస్తుంది, తెలుగు ఒత్తులు చెదరకుండా చూపిస్తుంది. నేను వాటి జోలికి పోను. నేను చెప్పదలుచుకున్నది గీత మందాన్ని చోటును బట్టి మార్చే Power Stroke అనే ఒక్క సౌకర్యం గురించి. పెళ్ళి కార్డుల పనిలో దీన్ని చాలాకాలంగా వాడుతున్నాను. రెడీమేడ్ బొమ్మల టెంప్లేట్‌లో వధూవరుల మొహాలు పెట్టాల్సి వచ్చినప్పుడు ఇది లేకపోతే నా పని సగం నాణ్యతతోనే ఉండేదని గట్టిగా నమ్ముతున్నాను.

ఈ మధ్య అందరూ అడుగుతున్నది ఒకటే. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, పల్లకి లాంటి దృశ్యం గీసిన టెంప్లేట్ ఒకటి ఎంచుకుంటారు. ఒళ్ళు, చీర, పంచె, పందిరి అన్నీ అందులో ఉంటాయి. మొహాలు మాత్రం తమవి కావాలంటారు. ఎక్కువ చోట్ల జరిగేది ఏమిటంటే, ఫోటోకి కార్టూన్ ఫిల్టర్ వేసి, మొహం కత్తిరించి, బొమ్మ మెడ మీద పెడతారు. పోలిక వస్తుంది. కానీ కార్డు చూడగానే కంటికి ఏదో అడ్డు తగులుతుంది. అదేమిటో చాలామంది చెప్పలేరు. నాకు తెలిసి అందులో ముప్పాతిక వంతు గీత మందంలోనే ఉంది.

చేత్తో గీసిన బొమ్మలో గీత ఎక్కడా ఒకే మందంలో ఉండదు. చెవి కింద సన్నగా మొదలవుతుంది, దవడ దగ్గర లావెక్కుతుంది, గడ్డం దాటాక మళ్ళీ సన్నబడి మొనదేలుతుంది. వెలుతురు పడే వైపు పలచగా, నీడ వైపు మందంగా ఉంటుంది. చీర కుచ్చిళ్ళలోనూ, వేళ్ళలోనూ, పూలజడలోనూ అదే పద్ధతి. ఫిల్టర్ వేసిన మొహంలో గీతలు అలా ఉండవు. ఇంక్‌స్కేప్‌లోనే ఉన్న Trace Bitmap వాడినా అంతే. అది ఫోటోలో ఎక్కడ చీకటి ఉందో అక్కడ నల్లటి మచ్చ తీస్తుంది. ముక్కు పక్కన నీడ పడితే దాన్ని కూడా ముక్కులో భాగం చేసేస్తుంది. దానికి వెలుతురు తెలుసు, మొహం తెలియదు. ఈ పనికి మాత్రం నేను ట్రేస్ వాడను.

పవర్ స్ట్రోక్ చేసేది చిన్న పని. మామూలు గీత ఒకటి గీసి, దాని మీద ఈ ఎఫెక్ట్ వేస్తే, గీత మీద గులాబీ రంగు పిడులు కనిపిస్తాయి. నోడ్ టూల్‌తో ఒక్కో పిడిని బయటికి లాగితే అక్కడ గీత లావవుతుంది, లోపలికి నెడితే సన్నబడుతుంది. కంట్రోల్ నొక్కి పిడి మీద క్లిక్ చేస్తే ఇంకో పిడి పుడుతుంది. గీత చివరలు మొనదేలేలా పెట్టుకోవచ్చు. ఇంతా చేసినా లోపలి అసలు గీత అలాగే ఉంటుంది. దవడ కొంచెం లోపలికి జరగాలంటే దాన్ని జరిపితే చాలు, మందం కూడా వెంట వస్తుంది. కస్టమర్ "చెంప కాస్త తగ్గించండి" అన్న ప్రతిసారీ మొదటి నుంచి గీసే బాధ లేకపోవడం ఎంత గొప్పో ఈ పనిలో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది.

దీని విలువ నాకు పూర్తిగా తెలిసిన కార్డు ఒకటుంది. కోనసీమ వైపు అమ్మాయి, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే అబ్బాయి. వాళ్ళు అప్పటికే వేరే చోట చేయించుకున్న కార్డుతో వచ్చారు. జీలకర్ర బెల్లం దృశ్యం, 5 × 7 అంగుళాల కార్డు. టెంప్లేట్ చాలా చక్కగా ఉంది. వెనకాల అరటి చెట్లు, పక్కన పంతులుగారు, వెనుక తోడిపెళ్ళికూతురు. మధ్యలో జంట మొహాలు మాత్రం ఫోటో ఫిల్టర్‌వి. అమ్మాయి వాళ్ళమ్మగారు ఒక్క ముక్కలో చెప్పేశారు: "బాబూ, మొహాలు వీళ్ళవే. కానీ ఆ బొమ్మలో వీళ్ళు లేరు."

ఆవిడ అన్నదాన్ని కొలిచి చూడొచ్చు. టెంప్లేట్ ఫైల్ తెరిచి ముందు పంతులుగారి మొహం పరిశీలించాను. ఏ టెంప్లేట్‌లోనైనా జంట కాకుండా ఇంకో మొహం ఉంటే దాన్నే ముందు చూడాలి. ఆ చిత్రకారుడు మొహాలు ఎలా గీస్తాడో అక్కడ తెలుస్తుంది. ఇక్కడ పంతులుగారి కంటికి పై రెప్ప గీత ఒక్కటే ఉంది, కింది రెప్ప లేదు. ముక్కుకి అడుగున చిన్న వంపు మాత్రమే ఉంది, పక్క గీత లేదు. పెదవుల మధ్య గీత ఉంది, పెదవి చుట్టూ గీత లేదు. ఫిల్టర్ మొహాల్లో వీటన్నిటికీ గీతలున్నాయి. అందుకే ఆ ఇద్దరూ అక్కడున్న మిగతా వాళ్ళ మధ్య పరాయివాళ్ళలా కనిపించారు.

తర్వాత మందం. ఇక్కడ చిన్న చిక్కు వచ్చింది. చాలా టెంప్లేట్లలో గీతలు గీతలుగా ఉండవు. అమ్మే ముందు వాటిని నింపిన ఆకారాలుగా మార్చేస్తారు. కాబట్టి గీతను ఎంచుకుని దాని మందం ఎంతో అంకెగా చదవలేం. కొలత టూల్‌తో అడ్డంగా లాగి చూడాల్సిందే. తోడిపెళ్ళికూతురి దవడ గీత అత్యంత లావైన చోట 0.6 మి.మీ. ఉంది, చెవి దగ్గర దాదాపు మొన. లోపలి గీతలు, అంటే కనురెప్ప, ముక్కు, పెదవి, 0.3 మి.మీ. దాటలేదు. పాత కార్డులోని ఫిల్టర్ మొహంలో బయటి గీతా లోపలి గీతా రెండూ దాదాపు 0.4 దగ్గరే ఉన్నాయి. మొహం బల్లపరుపుగా కనిపించడానికి కారణం అదే.

కొలిచే ముందు ఇంకొకటి చూసుకోవాలి. ఇల్లస్ట్రేటర్ నుంచి వచ్చిన ఎస్‌వీజీ ఫైళ్ళు అంగుళానికి 72 పిక్సెల్స్ లెక్కతో ఉంటాయి, ఇంక్‌స్కేప్‌ది 96 లెక్క. అందువల్ల 7 అంగుళాల కార్డు 5.25 అంగుళాలుగా తెరుచుకోవచ్చు. దాన్ని సరైన సైజుకి పెంచాకే కొలవాలి. లేకపోతే ప్రతి గీతా ముప్పాతిక మందమే చూపిస్తుంది.

ఫోటోల దగ్గర కొంత బతిమాలుకోవాల్సి వచ్చింది. వాళ్ళు పంపినవన్నీ సెల్ఫీలు. ఫోన్ మొహానికి బాగా దగ్గరగా ఉంటే ముక్కు పెద్దదిగా, చెవులు చిన్నవిగా వస్తాయి. దాని మీద గీస్తే పోలిక పోతుంది, ఎందుకు పోయిందో కూడా అర్థం కాదు. పైగా జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు ఇద్దరి తలలూ కొంచెం వంగి, ఒకరి వైపు ఒకరు తిరిగి ఉంటాయి. నేరుగా చూస్తున్న మొహం ఆ మెడ మీద నిలబడదు. కిటికీ పక్కన నిలబెట్టి, ఆరడుగుల దూరం నుంచి, వెనక కెమెరాతో, మొహం ముప్పాతిక వంతు కనబడేలా తల పక్కకి తిప్పి, గడ్డం కాస్త దించి తీయమని చెప్పాను. అమ్మాయి వాళ్ళ తమ్ముడు ఓపిగ్గా తీసి పంపాడు. ఆ ఫోటోలు రాకపోతే ఏ సాఫ్ట్‌వేర్ చేసేదీ ఏమీ లేదు.

ఫోటోని కింది లేయర్‌లో పెట్టి, 40 శాతానికి పలచన చేసి, లాక్ చేశాను. టెంప్లేట్‌లో తల ఎత్తు, జుట్టుతో కలిపి, 20 మి.మీ. ఉంది. ఫోటోలో కనుబొమ నుంచి గడ్డం వరకు ఉన్న దూరం టెంప్లేట్ బొమ్మలో ఉన్న దూరానికి సరిపోయేలా పెట్టి, దవడ గీత నాలుగే నోడ్లతో గీశాను: చెవి, దవడ మలుపు, గడ్డం, అవతలి చెంప. నోడ్లు తక్కువ ఉండటం ఇక్కడ ముఖ్యం. పవర్ స్ట్రోక్ నునుపుగా రావాలంటే లోపలి గీత నునుపుగా ఉండాలి. నోడ్లు ఎక్కువైతే ప్రతి చోటా చిన్న గుబ్బ తేలుతుంది. దవడ మెడను కలిసే చోట పిడిని లాగి, 0.6 వచ్చిందో లేదో కొలత టూల్‌తో సరిచూసుకున్నాను. వెలుతురు వైపు చెంప మీద 0.35 దగ్గర ఆపాను. రెండు చివరలూ మొన.

అప్పుడు జరిగినదే నన్ను ఈ సౌకర్యానికి కట్టిపడేసింది. ఒక గీత మీద మందం సరిగ్గా కుదిరాక, దాన్ని కాపీ చేసి, ఇంకో గీతను ఎంచుకుని Ctrl+7 నొక్కితే ఆ మందం తీరు మొత్తం అక్కడికి వచ్చేస్తుంది. అబ్బాయి దవడకి అమ్మాయి దవడ గీత తీరు వచ్చేసింది. కనురెప్పలన్నిటికీ ఒక తీరు, పెదవులకి ఒక తీరు. చెయ్యి తిరిగిన చిత్రకారుడు అన్ని మొహాలూ ఒకే కలంతో గీస్తే వచ్చే ఏకత్వం అది. అప్పటివరకు మెడ మీద వేరుగా తేలుతున్న మొహం ఒక్కసారిగా ఆ బొమ్మలో కూర్చుంది. రంగులు ఇంకా వెయ్యనే లేదు! ఉత్త గీతలతోనే పంతులుగారూ, తోడిపెళ్ళికూతురూ, వధూవరులూ ఒకే చేతి బొమ్మలైపోయారు.

పోలిక కోసం మొహానికి రెండు మూడు విషయాలు పట్టుకుంటే చాలు. అమ్మాయికి వెడల్పు నుదురు, సన్నని పై పెదవి, ఎడమ చెంప మీద సొట్ట. అబ్బాయికి దాదాపు కలిసిపోయే కనుబొమలు, కత్తిరించిన గడ్డం, కళ్ళజోడు. నవ్వు పక్కన పడే ముడతలు గీయలేదు, ఇంత చిన్న బొమ్మలో అవి పదేళ్ళ వయసు పెంచుతాయి. పళ్ళ మధ్య గీతలు పెట్టలేదు, నోటిలో ఒకే తెల్లటి ఆకారం. కళ్ళజోడు గీత 0.25 దగ్గర ఉంచాను, అంతకంటే మందమైతే కళ్ళు కనబడవు. బాసికం దగ్గర మాత్రం జాగ్రత్త కావాలి. అది కనుబొమలకి మరీ దగ్గరగా వస్తే నుదురు మాయమైపోతుంది. ఈ అమ్మాయి పోలికే నుదుట్లో ఉంది కాబట్టి టెంప్లేట్‌లోని బాసికాన్ని కాస్త పైకి జరిపాను.

రంగుల విషయానికి వస్తే నా నియమం ఒకటే: టెంప్లేట్‌లో లేని రంగు మొహంలో ఉండకూడదు. ఇక్కడ గీతలు నలుపు కాదు, ముదురు గోధుమ, #4A2318. పాత కార్డులో మొహం గీతలు నిక్కచ్చి నలుపు కావడం రెండో తప్పు. కంటి తెలుపుకి, పళ్ళకి కార్డు వెనక ఉన్న మీగడ రంగు తీసుకున్నాను, అచ్చ తెలుపు కాదు. బొట్టు, పెదవి మధుపర్కం అంచు ఎరుపు నుంచి. అబ్బాయి గడ్డానికి జుట్టు రంగుని పలచన చేసి వేయొచ్చు, కానీ పారదర్శకత పెడితే కింద ఉన్న రంగుతో కలిసి ఇంకో కొత్త రంగు పుడుతుంది. అందుకని టెంప్లేట్‌లో అరటి బోదె నీడకి వాడిన గోధుమ రంగునే గడ్డానికి వేశాను.

కొత్త రంగు తప్పనిసరి అయ్యేది చర్మం దగ్గరే. టెంప్లేట్లలో అందరికీ ఒకే లేత చాయ ఉంటుంది. ఇక్కడ #E9BE98, దాని నీడ #D49C74. అబ్బాయికి సరిపోయింది. అమ్మాయి చామనచాయ. రంగుని కోణం, గాఢత, వెలుగు అని విడగొట్టే హెచ్‌ఎస్‌ఎల్ లెక్కలో చూస్తే టెంప్లేట్ చర్మం వెలుగు 75, నీడది 64. రంగు కోణం 25 నుంచి 28 మధ్య. కోణాన్ని దాదాపు అక్కడే ఉంచి, వెలుగుని 54కి, నీడని 42కి దించి, గాఢత తగ్గిస్తే #B8825C, #97623F వచ్చాయి. వెలుగుకీ నీడకీ మధ్య ఎడం దాదాపు అంతే ఉంది కాబట్టి కొత్త చాయ కూడా ఆ టెంప్లేట్‌లో పుట్టినట్టే కనిపించింది. ఒక్క మొహం మార్చి ఊరుకుంటే చాలదు. మెడ, చేతులు, పాదాలు కూడా మారాలి. అందుకని అమ్మాయి చర్మం ఉన్న ముక్కలన్నిటికీ ఒకే Swatch ఇచ్చాను. దాన్ని ఒకచోట మారిస్తే అన్నీ మారతాయి.

అమ్మాయి మేనమామగారు "కాస్త రంగు తేల్చండి, పెళ్ళి కార్డు కదా" అన్నారు. ఇలాంటి మాట దాదాపు ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. రెండు చాయలూ పక్కపక్కన పెట్టి అమ్మాయికే చూపించాను. ఆమె తన రంగే ఉంచమంది. నాకు చాలా సంతోషమేసింది. చాయ తేల్చిన బొమ్మలో పోలిక కూడా తగ్గిపోతుంది, ఎందుకంటే జుట్టుకీ చర్మానికీ ఉన్న తేడా మారిపోతుంది.

ఇంత మెచ్చుకున్నాక ఇబ్బందులూ చెప్పాలి. పవర్ స్ట్రోక్ వేసిన గీత లోపల గీతలా ఉన్నా బయటికి నింపిన ఆకారమే. దాని రంగు స్ట్రోక్‌లో కాకుండా ఫిల్‌లో ఉంటుంది. ఒకే గీత రంగు ఉన్నవాటిని ఎంచుకునే ఆదేశం ఇస్తే ఇవి దొరకవు, ఫిల్ రంగుతో వెతకాలి. కంటి కొన లాంటి సూది మలుపుల దగ్గర ఒక్కోసారి ముల్లు పొడుచుకొస్తుంది. ఆ గీతకి మలుపు రకాన్ని Rounded చేస్తే సాధారణంగా పోతుంది, పోకపోతే గీతను అక్కడ రెండుగా విడగొడతాను. పెన్ టాబ్లెట్ ఉంటే పెన్సిల్ టూల్ ఒత్తిడిని బట్టి తనే మందం ఇస్తుంది. వినడానికి బాగుంటుంది కానీ పిడులు మరీ ఎక్కువగా పుట్టి, తర్వాత మార్చడం కష్టమవుతుంది. మొహాలకి నేను మౌస్‌తోనే గీస్తాను.

మొనదేలిన చివరల గురించి మొదట్లో నాకున్న ఉత్సాహం కూడా ఇప్పుడు కొంచెం తగ్గింది. ఫోన్ తెర మీద, నునుపు కాగితం మీద అవి అద్భుతంగా ఉంటాయి. గరుకు హ్యాండ్‌మేడ్ కాగితం మీద మొన ముక్కలు ముక్కలుగా పడుతుంది. గోధుమ గీత నాలుగు సిరాల కలయిక కాబట్టి, ముద్రణలో ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా సన్నని గీత పక్కన రంగు అంచు కనిపిస్తుంది. అలాంటి కాగితానికి చివరలు 0.15 మి.మీ. కంటే సన్నబడకుండా ఆపేస్తాను. గీత మొత్తం మందాన్ని ఒకే అంకెతో పెంచే గడి ఈ ఎఫెక్ట్‌లో ఉంది, వాట్సాప్‌కి పంపే చిన్న సైజుకి అది బాగా పనికొస్తుంది. చిన్నదైనప్పుడు కనురెప్పలు మాయం కాకుండా కాస్త పెంచుతాను. కానీ ఒక్కో గీతకి విడిగా ఇవ్వాలి.

ప్రెస్‌కి పంపేముందు వేరే ప్రతిలో అన్ని గీతలనూ Object to Path చేసి, మార్చదగ్గ ప్రతిని నా దగ్గర ఉంచుకుంటాను. నేను వాడుతున్న 1.4 వరకు ఇంక్‌స్కేప్ పీడీఎఫ్‌ని ఆర్‌జీబీలోనే ఇస్తుంది, సీఎంవైకే మార్పు ప్రెస్ వాళ్ళే చేయాలి. మధుపర్కం ఎరుపు అక్కడ కొంచెం దిగిపోతుంది, అదే ఎరుపు బొట్టులోనూ పెదవిలోనూ ఉంది కాబట్టి మూడూ కలిసే దిగుతాయి. అందుకే నాకు అది పెద్ద సమస్య కాలేదు. బంగారు సిరాతో, విడి రంగులతో వేయించేవాళ్ళకి మాత్రం ఇది సరిపోదు.

నా పరిస్థితి వేరు అన్నది కూడా గుర్తుపెట్టుకోండి. నేను ఇంటి దగ్గర ఒక్కణ్ణే చేస్తాను. శ్రావణం, మాఘం, ఫాల్గుణం ముహూర్తాల్లో పని ఒత్తిడి ఉన్నా, ఒక్కో జంటకి ఒక పూట కేటాయించగలను. రోజుకి చాలా కార్డులు తీయాల్సిన షాపులో ఇంత గీయడం కుదరదు. ఇంత పనికయ్యే ధరకి కస్టమర్ ఒప్పుకోడు కూడా. అసలు గీయడం అలవాటు లేనివాళ్ళకి పవర్ స్ట్రోక్ పోలిక తెచ్చిపెట్టదు, తెచ్చిన పోలికని టెంప్లేట్‌లో కలుపుతుంది, అంతే. పైగా ఇది గీతల బొమ్మలకే. నీటి రంగుల్లా మెత్తగా, అంచులు కరిగిపోయేలా వేసిన టెంప్లేట్ తెస్తే నేను ఇంక్‌స్కేప్ తెరవను, క్రిటాలో బ్రష్‌తో వేస్తాను. గీత స్పష్టంగా ఉండి, రంగులు చదునుగా ఉన్న టెంప్లేట్ అయితే, ఫోటోలు సరిగ్గా వస్తే, ఇంతకంటే నాకు నచ్చిన పద్ధతి ఇప్పటికైతే లేదు.